బొమ్మలో పోలికను కొలవడం: పుట్టుపూర్వోత్తరాలు

ఫొటోను కార్టూన్‌గానో వ్యంగ్యచిత్రంగానో మార్చే ప్రోగ్రాము పనితనం తేల్చాలంటే రెండు సంగతులు చూడాలి. బొమ్మకు ఆ శైలి పట్టుబడిందా, మనిషి పోలిక మిగిలిందా అన్నవే అవి. రెండోదాన్ని ఇప్పుడు రెండు రకాలుగా కొలుస్తున్నారు. ఒకటి ముఖ గుర్తింపు నెట్‌వర్క్ ఇచ్చే అంకె, రెండోది మనుషుల తీర్పు.

మనుషుల తీర్పును అంకెల్లోకి తెచ్చే పద్ధతి కంప్యూటర్ల కన్నా పాతది. ఒక్కో వస్తువుకు విడిగా మార్కులు వేయించడం కన్నా రెంటిని పక్కపక్కన పెట్టి ‘వీటిలో ఏది?’ అని అడిగితే జవాబులు నిలకడగా వస్తాయన్న ఆలోచనకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థర్‌స్టోన్ 1927లో గణిత రూపమిచ్చాడు. బొమ్మల మీద జరిపే సర్వేల్లో నేటికీ ఎక్కువగా వాడేది ఈ జంట పోలిక పద్ధతే.

యంత్రం వైపు కథ 1960లలో వుడీ బ్లెడ్సోతో మొదలైంది. కళ్ల మూలలు, నోటి చివరలు మనుషులు గుర్తు పెడితే, వాటి మధ్య దూరాలను యంత్రం పోల్చేది. 1991లో టర్క్, పెంట్లాండ్ ముఖం మొత్తాన్నీ కొన్ని అంకెలకు కుదించారు. అసలు మలుపు 2015లో గూగుల్ పరిశోధకుల ఫేస్‌నెట్‌తో వచ్చింది. ఒకే మనిషి ఫొటోలు దగ్గరగా, వేర్వేరు మనుషులవి దూరంగా పడేలా శిక్షణ పొందిన నెట్‌వర్క్ ఒక్కో ముఖాన్ని 128 అంకెల వరుసగా మార్చింది. ఆ వరుసే ఎంబెడింగ్. తర్వాత వచ్చిన ఆర్క్‌ఫేస్‌లో సాధారణంగా 512 అంకెలుంటాయి. రెండు ఎంబెడింగ్‌ల మధ్య కోణానికి కొసైన్ కడితే పోలిక విలువ వస్తుంది. అది 1కి దగ్గరయ్యే కొద్దీ ముఖాలు ఒకే మనిషివన్న మాట.

చిక్కేమిటంటే, ఈ కొలబద్ద ఫొటోల మీద తయారైంది, బొమ్మల మీద కాదు. మనిషి కన్ను బొమ్మను చూసే తీరు వేరు. సుసాన్ బ్రెనన్ 1980లలో ఒక ప్రోగ్రాము రాసింది. సగటు ముఖం నుంచి ఒక మనిషి ముఖం ఎక్కడెక్కడ తేడాగా ఉందో చూసి, ఆ తేడాను అది పెంచి గీస్తుంది. గిలియన్ రోడ్స్, సుసాన్ కేరీలతో కలిసి ఆమె 1987లో ప్రచురించిన ప్రయోగంలో, తెలిసినవాళ్ల ముఖాలను ఉన్నదున్నట్టు గీసిన రేఖాచిత్రాల కన్నా అతిశయంగా గీసినవాటినే చూపరులు త్వరగా గుర్తుపట్టారు. అంటే ముక్కును సాగదీసినంత మాత్రాన పోలిక పోదు. ఒక్కోసారి బలపడుతుంది కూడా.

ఈ రెండు దారులూ 2019 నాటి వార్ప్‌గాన్‌లో ఎదురుపడ్డాయి. ఫొటో నుంచి వ్యంగ్యచిత్రం గీసే ఆ నెట్‌వర్క్ బొమ్మలనూ, చిత్రకారుల బొమ్మలనూ దాని కర్తలు ముఖ గుర్తింపు వ్యవస్థలకు ఇచ్చారు. చిత్రకారులు చేత్తో గీసిన బొమ్మల్లో సగం కూడా అవి సరిగా పట్టుకోలేదు. వార్ప్‌గాన్ బొమ్మల్లో మాత్రం చాలా ఎక్కువ పట్టుకున్నాయి. దీన్నిబట్టి యంత్రం చిత్రకారులను మించిపోయిందనడం తొందరపాటే. చిత్రకారుడు ఫొటోకు ఎంతో దూరం వెళ్లగలడు, యంత్రం ఫొటోను అంటిపెట్టుకునే గీస్తుంది. అసలు ఏ మార్పూ చేయని ప్రోగ్రాముకే ఈ కొలతలో అందరికన్నా ఎక్కువ మార్కులు వస్తాయి. బొమ్మలు ఎంత బాగున్నాయి, అతిశయం ఎంత కుదిరింది అన్నవి తేల్చడానికి వార్ప్‌గాన్ కర్తలు మనుషులనే అడిగారు.

అందుకే ఒంటరి అంకెను నమ్మకుండా స్థానాల వరుస చూడాలి. ఒక బొమ్మను, దానికి ఆధారమైన ఫొటోతో కాకుండా, అదే మనిషి ఇంకో ఫొటోతోనూ మరో 99 మంది ఫొటోలతోనూ పోల్చారనుకుందాం. సొంత ఫొటోతో విలువ 0.38, ఆ తర్వాతి మనిషితో 0.21 వస్తే పోలిక నిలిచినట్టే. రెండో బొమ్మకు సొంత ఫొటోతో 0.45 వచ్చినా, వేరొకరి ఫొటోతో 0.48 వస్తే పోలిక జారిపోయింది. విడిగా అంకెలు చూసేవాళ్లకు రెండోదే మెరుగనిపిస్తుంది. ఆధారమైన ఫొటోతోనే పోలిస్తే తల వంపు, వెలుతురు కూడా మార్కులు తెచ్చిపెడతాయి.

ఇంకో లోపం లెక్కలో దాక్కుంటుంది. ఎంబెడింగ్ తీయకముందు ప్రోగ్రాము ముఖాన్ని కనిపెట్టి, కళ్లు, ముక్కు, నోటి మూలల ఆధారంగా సరిచేస్తుంది. బాగా వంకర్లు తిరిగిన బొమ్మలో అసలు ముఖమే దొరకదు. అలాంటివాటిని వదిలేసి సగటు కడితే, అతి సాహసంగా గీసే పద్ధతికి ఉచితంగా మార్కులు కలుస్తాయి. ఎన్ని బొమ్మల్లో ముఖం దొరకలేదో విడిగా చెప్పాలి. శిక్షణలో వాడిన నెట్‌వర్క్‌నే పరీక్షకూ వాడకూడదు. ప్రోగ్రాము దాన్ని మెప్పించడం అప్పటికే నేర్చుకుని ఉంటుంది.

మనుషుల తీర్పులోనూ మెలికలున్నాయి. పరిచయం లేని ముఖాన్ని రెండు ఫొటోల్లో పోల్చడమే మనుషులకు కష్టం. అందుకని తెలిసిన ముఖాలకు ‘ఇదెవరు?’ అని పేరు అడగడం, తెలియనివాటికి ఒక ఫొటో చూపి రెండు బొమ్మల్లో ఏది దగ్గరగా ఉందో ఎంచమనడం మేలు. అందం గురించి విడిగా అడగకపోతే, నచ్చిన బొమ్మకే పోలిక మార్కులూ వెళ్తాయి. చివరికి యంత్రం వరుసనూ మనుషుల వరుసనూ ఒక్కో శైలిలో విడివిడిగా సరిపోల్చాలి. పెన్సిల్ బొమ్మల్లో రెండూ కలిసినా, వ్యంగ్యచిత్రాల్లో కలవకపోవచ్చు. కలవని చోట మనుషుల మాటే ప్రమాణం.