ఫిన్ ప్రభావశీలత

ఫిన్ అమర్చినప్పుడు వెళ్లే ఉష్ణానికీ, అది లేకుండా అదే ఆధార వైశాల్యం నుంచి వెళ్లే ఉష్ణానికీ ఉన్న నిష్పత్తి ఫిన్ ప్రభావశీలత (ε). ఇది కనీసం 2 లేకపోతే ఫిన్‌కయ్యే ఖర్చు సాధారణంగా దండగే.

పొడవైన పలుచని ఫిన్‌కు ε = √(2k/ht). ఇక్కడ k లోహపు ఉష్ణవాహకత, t మందం, h సంవహన గుణకం. 3 మి.మీ. మందపు స్టెయిన్‌లెస్ స్టీల్ ఫిన్‌నే (k = 15 W/m·K) తీసుకుందాం. గాలిలో h = 25 W/m²·K అయితే ε = 20. మరిగే నీటిలో h = 10,000 అయితే ε = 1, అంటే లాభం సున్నా. ఉపరితలం నుంచి ఉష్ణం అప్పటికే సులువుగా పోతోంది. ఫిన్ లోహమే దానికి అడ్డవుతుంది. h ఇంకా పెరిగితే ఫిన్ ఉష్ణాన్ని తగ్గిస్తుంది కూడా.

అందుకే కారు రేడియేటర్‌లో ఫిన్‌లు ప్రధానంగా నీటివైపు కాక, h తక్కువగా ఉండే గాలివైపే ఉంటాయి.