గరిష్ఠ సుస్థిర దిగుబడి

ఒక జాతి చేపల నిల్వ తగ్గిపోకుండా ఏటా పట్టుకోగల అత్యధిక పరిమాణాన్ని గరిష్ఠ సుస్థిర దిగుబడి అంటారు. ఉత్తర సముద్రపు చేపలపై బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ గ్రాహమ్ 1935లో చేసిన పనిలో ఈ ఆలోచన కనిపిస్తుంది. 1954లో అమెరికన్ శాస్త్రవేత్త మిల్నర్ షేఫర్ దానికి అందరూ వాడుకోదగిన గణిత రూపం ఇచ్చాడు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలోనూ దీనికి చోటు దక్కింది.

షేఫర్ లెక్క ప్రకారం చేపలు మరీ తక్కువగా ఉంటే పిల్లలు పెట్టేవి చాలవు, మరీ ఎక్కువైతే తిండీ చోటూ చాలవు. అందుచేత పెరుగుదల రేఖ గుట్టలా లేచి దిగుతుంది. దాని శిఖరం ఆ నీరు భరించగల నిల్వలో సగం దగ్గర ఉంటుంది. ఉదాహరణకు ఒక నీటి ప్రాంతం 1,000 టన్నుల చేపను భరించగలదని, సహజ వృద్ధి రేటు 0.4 అని అనుకుందాం. నిల్వ 500 టన్నులున్నప్పుడు ఏటి పెరుగుదల 100 టన్నులు. కోటా అంతే పెడితే నిల్వ నిలకడగా ఉంటుంది. నిజానికి నిల్వ 300 టన్నులే అయితే పెరుగుదల 84. అప్పుడూ వంద పడితే మరుసటి ఏటికి మిగిలేది 284. ఆ ఏడు పెరిగేది 81 మాత్రమే. లోటు ఏటేటా పెద్దదవుతుంది.

చిక్కంతా నీటి అడుగున ఎంత చేప ఉందో చూసి లెక్కపెట్టలేకపోవడంలో ఉంది. పడవకు ఎంత పడిందన్నదే చాలాసార్లు ఆధారం. కానీ మిగిలిన చేపలు ఒకేచోట గుమిగూడితే నిల్వ కరిగిపోతున్నా వలలు నిండుతూనే ఉంటాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప విషయంలో ఈ పొరపాటే జరిగింది. నిల్వను ఎక్కువగా అంచనా వేసి కోటాలిచ్చారు. చివరికి 1992లో వేటనే ఆపేయాల్సి వచ్చింది. అంతకు పదిహేనేళ్ల ముందే, 1977లో, మత్స్య శాస్త్రవేత్త పీటర్ లార్కిన్ గరిష్ఠ సుస్థిర దిగుబడి భావనకు చరమగీతం పాడుతూ వ్యాసం రాశాడు.

ఆంధ్ర తీరంలో జాతివారీ కోటాలు లేవు. ఒక్క వలలోనే ఎన్నో జాతులు పడేచోట అవి అమలు చేయడం కష్టం కూడా. ఇక్కడ కాలాన్ని కట్టడి చేస్తారు: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటపై నిషేధం. ఎంత పట్టాలో ఇది చెప్పదు, ఎప్పుడు పట్టకూడదో చెబుతుంది.

కోనసీమవాసులకు ప్రాణమైన పులసకు ఈ ఏర్పాటు పెద్దగా అక్కరకు రాదు. సముద్రంలో విలసగా తిరిగే ఆ చేప గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదేది వరదల కాలంలో. అప్పటికి నిషేధం ముగిసి ఉంటుంది. పైగా 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట ఎగువ దారికి అడ్డుపడింది. లెక్క భాషలో చెప్పాలంటే నది భరించగల నిల్వే కుంచించుకుపోయింది. పై ఉదాహరణలో 1,000 బదులు 600 టన్నులు వేస్తే శిఖరం 60 టన్నులకు దిగుతుంది. పాత వంద టన్నుల కోటా అక్కడ ఏ స్థాయి నిల్వకూ నిలవదు.