తాతా మనవల ఎకసెక్కాలు

తాత, అవ్వలు మనవలతో ప్రేమగా ఆడుకునే ఉత్తుత్తి తిట్లు. 1940లో బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ ఇలాంటి అనుబంధాలను పరిహాస సంబంధాలుగా వివరించాడు. బిడ్డను అదుపులో పెట్టే బాధ్యత తల్లిదండ్రులది. ఆ పైతరానికి అంత బరువు లేదు కనుక చనువు పెరుగుతుంది.

వనపర్తి పల్లెల్లో ఈ ఆట ఎక్కువగా అరుగు మీద సాగుతుంది. "ఏం ముసలోడా, పండ్లు యాడ పారేసుకున్నవ్? బుడ్డలు నమల్తవా?" అని మనవడు కదిలిస్తాడు. "నీ మూతికి మీసం రానీ, అప్పుడు మాట్లాడు పోరడా" అంటూ తాత ఆ వేరుశనగ గింజలే దంచి పెట్టమంటాడు. అవ్వ మనవణ్ని "నా మొగుడు" అని మురిపెంగా పిలిస్తే, తాత వాణ్ని పోటీదారులా చూసి అలిగినట్టు నటిస్తాడు. అదే "ముసలోడా" మాట కోడలి నోట వస్తే పంచాయతీయే. మనవడు అన్నప్పుడు మాత్రం ఆమె పక్కకు తిరిగి నవ్వుకుంటుంది.

పాలమూరు కూలీలు వలస పోయినప్పుడు పిల్లలను తరచుగా ముసలివాళ్ల దగ్గరే వదిలేవారు. అలాంటి ఇంట్లో బడికి తరమడం, కొట్టడం కూడా అవ్వ పనే అవుతుంది, ఎకసెక్కం పలచబడుతుంది.

ఆటకు హద్దులున్నాయి. బోసినోరు, బట్టతల, చెవుడు చెల్లుతాయి. మంచాన పడ్డాక చావు మాట చెల్లదు. తాత ఎదురుతిట్టు తిట్టకుండా ఊరుకున్నాడంటే మాట గుచ్చుకున్నట్టే.