పట్టికలోని గుణకం ఎంత? ఒక జాతీయాదాయ సమస్య, వి.కె.ఆర్.వి. రావు వాదనపై పునఃపరిశీలన

డిగ్రీ, పోటీ పరీక్షల సమష్టి అర్థశాస్త్రంలో ఒక లెక్క తరచూ కనబడుతుంది. పుస్తకంలోని పట్టికను ఫోన్‌తో ఫొటో తీసి, పైన వినియోగ ఫలాన్ని రాసి, సమతౌల్య ఆదాయమెంత, గుణకమెంత అని అడుగుతారు. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకే దారిలో వస్తుంది: ఉపాంత వినియోగ ప్రవృత్తిని ఒకటిలోంచి తీసేయడం, మిగిలినదానితో ఒకటిని భాగించడం. ఈ దారి తప్పుడు ఫలితానికి చేరుస్తుందనీ, ఆ తప్పు పరీక్షాపత్రంతో ఆగక భారతదేశంలో గుణకం పనిచేయదన్న ప్రసిద్ధ వాదనలోకి కూడా పాకిందనీ ఈ వ్యాసం ప్రతిపాదన. నిరూపణకు ఈ పట్టిక చాలు. అంకెలు కోట్ల రూపాయల్లో ఉన్నాయి. వినియోగ ఫలం C = 100 + 0.75 Yd, ఇక్కడ Yd వ్యయార్హ ఆదాయం. పెట్టుబడి 150, ప్రభుత్వ వ్యయం 200, ఎగుమతులు 120. ఈ మూడూ ఆదాయంతో మారవు.

| ఆదాయం | పన్ను | వినియోగం | దిగుమతులు | మొత్తం ప్రణాళికా వ్యయం |
|---|---|---|---|---|
| 800 | 160 | 580 | 100 | 950 |
| 1000 | 200 | 700 | 120 | 1050 |
| 1200 | 240 | 820 | 140 | 1150 |
| 1400 | 280 | 940 | 160 | 1250 |

ఫొటోలో ఇలాంటి పట్టికకు జరిగే నష్టం సాధారణంగా రెండు రకాలు. ఒకటి, అంకె చెరిగిపోవడం. 820 కాస్తా 320లా కనబడితే పక్క వరుసలు చూడాలి. వరుస వరుసకూ ఆదాయం 200 చొప్పున పెరుగుతోంది, వినియోగం 580 నుంచి 700కు, అంటే 120 పెరిగింది. ఫలం సరళరేఖ కాబట్టి తర్వాతి అంకె 820 తప్ప మరొకటి కాదు. ఇది చిన్న ఇబ్బంది. రెండోది ప్రమాదకరం: పేజీ మడతపడి పన్ను నిలువు వరుస కనబడకపోవడం. అప్పుడు పైన రాసిన ఫలం 0.75 అంటుంది, వినియోగం వరుస మాత్రం 200కు 120, అంటే 0.6 అంటుంది. చాలామంది దీన్ని అచ్చుతప్పుగా తీసుకుని, పైన రాసిన 0.75నే నమ్మి గుణకం 4 అని తేలుస్తారు. నిజానికి ఆ రెండు అంకెలకూ విరోధం లేదు. 0.75 అనేది చేతికొచ్చిన రూపాయిలో ఖర్చయ్యే భాగం, 0.6 అనేది ఉత్పత్తి అయిన రూపాయిలో ఖర్చయ్యే భాగం. నడుమ ఉన్న 20 శాతం పన్నే ఈ తేడాకు కారణం, 0.75ను 0.8తో గుణిస్తే 0.6 వస్తుంది. కనబడని ఆ వరుసను ఈ తేడా నుంచే తిరిగి కట్టుకోవచ్చు.

పన్ను లెక్కలోకి తెచ్చినవారు కూడా చాలాసార్లు 2.5 దగ్గర ఆగిపోతారు. కొన్న వస్తువులన్నీ దేశంలో తయారైనవి కావు. ఆదాయం 200 పెరిగినప్పుడల్లా దిగుమతులు 20 పెరుగుతున్నాయి. అందువల్ల వినియోగం వరుసను పక్కన పెట్టి చివరి నిలువు వరుసను చూడాలి. అది 200కు 100 చొప్పున పెరుగుతోంది, వాలు 0.5. గుణకం 2. సమతౌల్యం పట్టికలోని ఏ వరుసలోనూ లేదు: 1000 వద్ద వ్యయం ఆదాయాన్ని 50 మించింది, 1200 వద్ద 50 తగ్గింది. ఆదాయంతో సంబంధం లేని వ్యయం 550, దాన్ని 2తో గుణిస్తే 1100. సరిచూసుకోవడానికి రెండో దారి కూడా ఉంది. 1100 వద్ద పన్ను 220, వ్యయార్హ ఆదాయం 880, వినియోగం 760, పొదుపు 120, దిగుమతులు 130. ప్రవాహంలోంచి బయటికి పోయేవి, అంటే పొదుపు, పన్ను, దిగుమతులు, కలిపి 470. లోపలికి వచ్చే పెట్టుబడి, ప్రభుత్వ వ్యయం, ఎగుమతులు కూడా 470.

మూడు గుణకాల్లో ఏది సరైనదో తేల్చడానికి సూత్రాలతో పనిలేదు, పట్టికనే అడగవచ్చు. పెట్టుబడిని 50 పెంచుదాం. ప్రతి వరుసలోనూ మొత్తం వ్యయం 50 పెరుగుతుంది. 1200 వరుసలో 1150 కాస్తా 1200 అయి ఆదాయంతో సరితూగుతుంది. 50కి 100 వచ్చింది. గుణకం 4 అని నమ్మినవాడు ఆదాయం 1300కు చేరుతుందంటాడు. కానీ 1300 వద్ద వ్యయం 1250 మాత్రమే. 50 కోట్ల సరుకు అమ్ముడుపోక గిడ్డంగుల్లో మిగులుతుంది, ఉత్పత్తిదారులు తగ్గించుకుంటారు, ఆదాయం వెనక్కి జారుతుంది. అనుకోకుండా పేరుకున్న ఆ నిల్వలే తప్పును పట్టిస్తాయి.

ఇక రావు వాదన. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ స్థాపకుడు, వలసకాలపు భారత జాతీయాదాయాన్ని లెక్కగట్టినవాడు అయిన ఆయన 1952లో ఇండియన్ ఎకనామిక్ రివ్యూలో అభివృద్ధి చెందని దేశాల్లో గుణకం గురించి రాశారు. పేద దేశంలో ఉపాంత వినియోగ ప్రవృత్తి ఎక్కువ, కాబట్టి కీన్స్ ప్రకారం గుణకం చాలా పెద్దదవ్వాలి. కానీ ప్రచ్ఛన్న నిరుద్యోగం, స్పందించని వ్యవసాయ సప్లయ్ వల్ల నిజ ఉత్పత్తి ఆ మేరకు పెరగదు, ధరలు పెరుగుతాయి అన్నది దాని సారం. తర్వాతి పాఠ్యపుస్తకాలు దీన్ని అధ్యాయం చివర పరిమితిగా చేర్చి ఊరుకున్నాయి. ఇక్కడ అభ్యంతరం వాదన మొదటి మెట్టు మీదే. కీన్స్ 1936లోనే దిగుమతుల్ని గుణకాన్ని తగ్గించే అంశంగా గుర్తించాడు. కాన్ 1931 వ్యాసంలోనూ అలాంటి లీకేజీల లెక్క ఉంది. పెద్ద గుణకం రావాలన్న నిరీక్షణ వినియోగ ప్రవృత్తి ఒక్కదాని నుంచే పుట్టింది. అది 0.9 అయితే గుణకం 10. అదే ఆర్థిక వ్యవస్థకు 10 శాతం పన్ను, 10 శాతం దిగుమతి చేర్చండి: వాలు 0.81లోంచి 0.1 పోగా 0.71, గుణకం సుమారు మూడున్నర. పది రాలేదని ఆశ్చర్యపడే ముందు, పది ఎందుకు రావాలో అడగవలసింది.

పల్లె రైతు ఆదాయపు పన్ను కట్టడు, విదేశీ సరుకు కొనడు కదా అని అడగవచ్చు. కానీ ఎక్సైజ్ సుంకం బట్ట, చక్కెర, అగ్గిపెట్టెల ధరలోనే ఉండేది, యంత్రాల దిగుమతి అతడు కొనే మిల్లు సరుకులోనే దాగి ఉండేది. సప్లయ్ స్పందించని చోట మా పట్టికలోని 100 కోట్ల పెరుగుదల కూడా కొంతమేరకు ధరల్లోకే పోతుందన్న రావు రెండో మెట్టు మాత్రం నిలుస్తుంది. అయితే అది గుణకం విలువ గురించిన మాట కాదు, ఆ గుణకం తెచ్చిన ద్రవ్య ఆదాయంలో సరుకు ఎంత, ధర ఎంత అన్న పంపకం గురించిన మాట. రెండింటినీ కలిపేయడం వల్లనే అభివృద్ధి చెందని దేశాలకు వేరే అర్థశాస్త్రం కావాలన్న అభిప్రాయం దశాబ్దాలపాటు మన తరగతి గదుల్లో చెలామణి అయింది. పన్ను, దిగుమతుల వరుసలు పట్టికలో ఉంచి చదివితే ఆ అభిప్రాయానికి ఉన్న ఆధారంలో పెద్ద భాగం కరిగిపోతుంది. మిగిలేది పంట దిగుబడి, పనిముట్లు, నిర్వహణ మూలధనం లాంటి సప్లయ్ అంశాల లెక్క. దానికి మరో పట్టిక కావాలి. అందులో ఆదాయం పక్కన ధరల సూచీకి కూడా ఒక వరుస ఉండాలి.