బ్రదర్ నాట్ కమింగ్

పోయిన భాగంలో తాత ట్రంకుపెట్టె గురించి రాస్తూ, అందులో పన్నెండు టెలిగ్రాం ఫారాలు దొరికాయని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. వాటిని మామూలు వాక్యాల్లో రాసి పెట్టమని మా ఇంట్లో వాళ్ళే అడిగారు. ఒక సాయంత్రం పని అనుకున్నాను. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని, పది మాటల ఇంగ్లీషుని తెలుగు చెయ్యలేనా అనే ధీమా. మొదటి ఫారం దగ్గరే మూడు వారాలు ఆగిపోయాను.

తాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఖలాసీ. మా వైపు పల్లెల నుంచి మాలమాదిగల పిల్లలు చాలామంది అట్లా రైలెక్కి వెళ్ళినవాళ్ళే. ఆ ఊళ్ళో తెలుగు పేటలు ఇప్పటికీ ఉన్నాయి. తాతకి చదువు రాదు. బాపట్ల పోస్టాఫీసుకి వెళ్ళి టెలిగ్రాం ఇచ్చిన వాళ్ళ నాయనకీ రాదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఫారం మీదున్న ఇంగ్లీషు మా ముత్తాత మాట కాదు. ఆయన తెలుగులో చెప్పింది ఎవరో ఇంగ్లీషులో కుదించి రాశారు. ఖరగ్‌పూర్‌లో ఇంకెవరో దాన్ని చదివి తాతకి వినిపించారు. నా చేతికొచ్చింది మధ్యలో ఉన్న ఆ ముక్క ఒక్కటే.

అసలు కాగితం మీద అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే. తెలుగు లిపిలో ఇట్లా ఉంటుంది:

మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ బ్రింగ్ మనీ బ్రదర్ నాట్ కమింగ్ ఫాదర్

కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. సినిమాల్లో టెలిగ్రాం చదివితే మధ్యమధ్యలో 'స్టాప్' అని వినిపిస్తుంది కదా, ఆ 'స్టాప్'కి కూడా ఒక మాట డబ్బు కట్టాల్సి వచ్చేది. మావాళ్ళు కట్టలేదు. కాబట్టి వాక్యం ఎక్కడ ఆగుతుందో మనమే తేల్చుకోవాలి. తప్పులు మొదలయ్యేది అక్కడే.

సందేశం కంటే ముందు దాని నెత్తి మీదున్న వరస చూడాలి. ఈ ఫారాల మీద ఆ వరస ఏమిటో అచ్చులోనే చెప్తారు: టెలిగ్రాం తరగతి, ఇచ్చిన టైము, బయల్దేరిన ఆఫీసు, తేదీ, చివర్న మొత్తం మాటల సంఖ్య. మా ఫారంలో ఆర్డినరీ, 16-20, బాపట్ల, 11, 15 అని ఉంది. అంటే పదకొండో తేదీ సాయంత్రం నాలుగూ ఇరవైకి బాపట్లలో ఇచ్చిన మామూలు టెలిగ్రాం, పదిహేను మాటలు. ఇక్కడ తేదీ అంటే రోజు మాత్రమే. ఏ నెలో, ఏ సంవత్సరమో అందులో ఉండదు. వాటికోసం అందిన ఆఫీసు ముద్ర చూడాలి. ఖరగ్‌పూర్ ముద్రలో 12 జులై 1957 అని ఉంది. టెలిగ్రాం వారం ఆలస్యంగా వచ్చిందని మా ఇంట్లో అరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. ముద్ర మాత్రం మర్నాడే ఆఫీసుకి చేరిందంటోంది. అట్లాగని మర్నాడే తాత చేతికొచ్చిందని రాస్తే నేనూ కల్పించినట్టే. ముద్ర ఆఫీసు సంగతే చెప్తుంది, తాత సంగతి చెప్పదు.

మాటల సంఖ్య అక్కడ ఉత్తినే వేసేవాళ్ళు కాదు. చిరునామా, సందేశం, సంతకం అన్నీ కలిపి లెక్క. అవతలి గుమాస్తా అందుకున్న మాటల్ని లెక్కపెట్టి దాంతో సరిచూసుకోవాల్సి ఉండేది. నేనూ లెక్కపెట్టాను. చిరునామాలో తాత పేరు, ఖలాసీ, వర్క్‌షాప్, ఖరగ్‌పూర్ కలిపి నాలుగు. సందేశం తొమ్మిది. సంతకం ఒకటి. మొత్తం పద్నాలుగు, ఫారం మీద పదిహేను. దారిలో ఒక మాట పోయి ఉండొచ్చు. బాపట్లలో తాత పేరునే రెండు మాటలుగా లెక్కేసి ఉండొచ్చు. 'నాట్' పక్కన 'యెట్' అనే మాట ఉండి పోయిందేమో, 'ఇంకా రాలేదు' అనేమో అని నా మనసు ఎంత లాగిందో! అట్లా అయితే బాగుండునని నాకుంది మరి. కానీ బాగుండడం సాక్ష్యం కాదు. లెక్కలో ఒక మాట తేడా ఉందని కింద రాసి ఊరుకున్నాను.

ఇప్పుడు సందేశం. నా మొదటి ప్రతి ఇది: "అమ్మకి సీరియస్‌గా ఉంది. వెంటనే బయల్దేరు. తమ్ముడు రానన్నాడు కాబట్టి నువ్వే డబ్బు తీసుకురా. ఇట్లు, నాన్న." చదవడానికి హాయిగా ఉంది. మా ఇంట్లో అందరూ చెప్పుకునే కథ కూడా అచ్చం ఇదే. చిన్నతాత వాళ్ళమ్మని చూడ్డానికి రానన్నాడు, డబ్బూ ఇవ్వనన్నాడు, టెలిగ్రాంలోనే రాసుంది అంటారు. ఆ మాట మీదే రెండిళ్ళ మధ్య ఒక తరం పాటు పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి.

తర్వాత ఫారం పక్కన పెట్టుకుని ఒక్కో మాటా తడిమాను.

'తమ్ముడు' అని ఎక్కడుంది? ఇంగ్లీషు 'బ్రదర్'లో పెద్దా చిన్నా లేదు. తెలుగులో అన్నో తమ్ముడో తేల్చకుండా నోరు పెగలదు. పైగా ఎవరి బ్రదర్? తాత తమ్ముడా, టెలిగ్రాం ఇచ్చిన ముత్తాతకి తోడబుట్టినవాడా? 'ఫాదర్' అని సంతకం చేసిన మనిషి 'మదర్' అన్నప్పుడు కొడుకు వైపు నుంచి మాట్లాడుతున్నాడనుకుంటే తాత తమ్ముడే కావాలి. అనుకోవడం వరకే అది. కాగితంలో లేదు.

'రానన్నాడు' కూడా లేదు. ఉన్నది 'నాట్ కమింగ్'. రాలేకపోతున్నాడో, రావడానికి సెలవు దొరకలేదో, వద్దనుకున్నాడో ఆ రెండు మాటలకి తెలియదు. 'రావడం లేదు'కీ 'రానన్నాడు'కీ మధ్య ఒక మనిషి మనసు మొత్తం ఉంది. ఆ మనసుని మేమే పెట్టాం.

అన్నిటికంటే పెద్ద కల్పన 'కాబట్టి'. 'బ్రింగ్ మనీ', 'బ్రదర్ నాట్ కమింగ్' పక్కపక్కన ఉన్నాయి, అంతే. డబ్బు అడగడానికి తమ్ముడు రాకపోవడం కారణమని ఎవరూ అనలేదు. రెండు వేరువేరు కబుర్లు కావచ్చు. టెలిగ్రాంని విడదీసేటప్పుడు క్రియలు చేర్చడానికి అందరూ భయపడతారు. నా అనుభవంలో అసలు భయపడాల్సింది కాబట్టి, అందుకే, కానీ, అయినా లాంటి మాటలకి. అవి చిన్నగా ఉంటాయి. తగువులు పెట్టేది మాత్రం అవే.

ఇంకో చిక్కు మన భాషదే. తెలుగు క్రియకి తోక ఉంటుంది. ఉన్నాడు, ఉంది, ఉన్నారు అని ఎవరో ఏమిటో చెప్పి తీరాలి, గౌరవం ఇచ్చామో లేదో కూడా. టెలిగ్రాం ఇంగ్లీషుకి ఆ తోక లేదు. ఇంకో ఫారంలో 'ఫాదర్ ఎక్స్‌పైర్డ్ ఫ్యునెరల్ టుమారో' అని ఉంటే, సాయం చేస్తానన్న ఒక స్నేహితుడు ఇట్లా రాసిచ్చాడు: "నాన్నగారు స్వర్గస్థులైనారు. రేపు దహన సంస్కారములు." ఆయన చెడ్డవాడు కాదు. చావు గురించి మర్యాదగా రాయాలంటే బళ్ళో నేర్పిన తెలుగు అదే. కానీ రెండు వాక్యాల్లో మా ముత్తాతకి ఒక కులం, ఒక మతం, ఒక చితి ఇచ్చేశాడు. మాది చర్చికి వెళ్ళే పేట. మేం పూడుస్తాం. 'మట్టి ఎప్పుడు?' అని అడుగుతాం. అట్లాగని 'రేపు మట్టి' అని రాసినా అది నాకు తెలిసిన సంగతే తప్ప కాగితం చెప్పింది కాదు. 'తండ్రి మరణం. రేపు అంత్యక్రియలు.' దానికి మించి ఆ ఫారంలో ఏమీ లేదు.

ఆ క్రియ లేని వాక్యమే నాకు దారి చూపించింది. తెలుగులో తోక లేకుండా మాట్లాడే పద్ధతులు కొన్ని ఉన్నాయి. 'తల్లికి సీరియస్' అంటే 'ఉంది', 'ఉన్నారు' తగువు ఉండదు. జనం అనేదీ అట్లాగే. 'బయల్దేరాలి', 'తేవాలి' అంటే నువ్వా మీరా తేల్చనక్కర్లేదు. ఆజ్ఞలో ఉన్న పదును కాస్త తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. 'రావడం లేదు'కి నేను, నువ్వు, వాడు, ఆయన అందరూ సరిపోతారు. 'సోదరుడు' అనే మాట మా పేటలో ఎవరూ ఇంట్లో వాడరు, పుస్తకం వాసన వేస్తుంది. అన్నా తమ్ముడూ తేల్చనిది అదొక్కటే దొరికింది, వాడుకున్నాను.

ఇప్పుడున్న ప్రతి ఇది:

తల్లికి సీరియస్. వెంటనే బయల్దేరాలి. డబ్బు తేవాలి. సోదరుడు రావడం లేదు. తండ్రి.

ఫుల్‌స్టాపులు నావి. అసలులో లేవని పక్కనే రాశాను. అసలు పాఠం, తప్పొప్పులతో సహా, పైన ఉంచాను. ఎవరికైనా అనుమానం వస్తే నన్ను నమ్మనక్కర్లేదు, చూసుకోవచ్చు.

ఇక 'సీరియస్'. ఆ రోజుల్లో సీరియస్ అంటే చాలాసార్లు అయిపోయిందనే అర్థం. ప్రయాణంలో మనిషి కూలబడిపోకూడదని అట్లా రాయించేవాళ్ళు. టెలిగ్రాం అందగానే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది అందుకే. తాత వాళ్ళమ్మ అప్పటికే పోయిందని మా నాయనమ్మ చెప్పేది. నాకూ అదే నిజమనిపిస్తుంది. అయినా విడదీసిన వాక్యంలో 'సీరియస్' అలాగే ఉంది. నాయనమ్మ మాట దాని కింద వేరే గీత గీసి, 'ఇంట్లో చెప్పుకున్నది' అని రాసి పెట్టాను. టెలిగ్రాం ఒక సాక్షి, నాయనమ్మ ఒక సాక్షి. ఇద్దరి మాటా ఒక వాక్యంలో కలిపేస్తే రేపు ఎవరు ఏం చెప్పారో తెలియదు.

పెళ్ళి ఫారాలు రెండున్నాయి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఆ శుభాకాంక్షల వాక్యం డిపార్ట్‌మెంటుది. పంపేవాళ్ళు జాబితాలో ఒక నంబరు చెప్తే సరిపోయేది. అందుకే ఆ చల్లని దీవెన చదివి ముత్తాత మనసు ఎంత చల్లనిదో అని రాయలేదు.

కిందటి ఆదివారం ఈ కాగితం పట్టుకుని చిన్నతాత కూతురింటికి వెళ్ళాను. వరసకి అత్త. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"రానన్నాడని లేదే ఇందులో."

"లేదత్తా."

"మరి ఎందుకు రాలేదంటా?"

"అదీ లేదు."

"మా నాన్నేనని ఉందా?"

"సోదరుడు అని ఉంది. పేరు లేదు."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, చిన్నతాతవని ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఆ రోజుల్లో ఏ ఊళ్ళో పనిచేశాడో అందులో కాగితాలు ఉండొచ్చంది. జులై 1957వి ఉన్నాయో లేదో ఇంకా చూడలేదు.