సునాముఖి, కాస్కరా, ముసాంబరం: రోజూ విరేచనం మందు వేసుకుంటే పేగుకు ఏమవుతుంది

తిరునెల్వేలి, తూత్తుకుడి వైపు ఉన్న మన తెలుగు కుటుంబాలకు సునాముఖి కొత్త కాదు. ఆ మెట్టపొలాల్లో అది పంటగానే పండుతుంది. ఎండబెట్టిన ఆకు, కాయ తూత్తుకుడి రేవు మీదుగా బయటి దేశాలకు పోతాయి. మన పెద్దలు దాన్ని నేలతంగేడు అని కూడా అంటారు. పచ్చని పూల తంగేడు వేరు, ఇది వేరు. తమిళ అంగట్లో అడిగితే నిలావరై అంటారు. కన్నడ దేశంలో, మహారాష్ట్రలో, ఒడిశాలో సోనాముఖి అంటే దొరుకుతుంది. ఆయుర్వేదం డబ్బాల మీద స్వర్ణపత్రి అని, యునానీ పొట్లాల మీద సనాయ్ అని, ఇంగ్లీషు మాత్రల మీద సెన్నా అని రాస్తారు. ఇన్ని పేర్లున్నా ఆకు ఒక్కటే. ఈ పేర్ల గొడవ ఎందుకు ముందు చెబుతున్నానంటే, మాకు తెలిసిన ఒక ఇంట్లో కష్టమంతా అక్కడే మొదలైంది.

ఆమెకు 74 ఏళ్లు. నేను పిన్నీ అని పిలుస్తాను. పదేళ్లుగా రాత్రి పడుకోబోయే ముందు నాటుమందుల అంగడి నుంచి తెచ్చిన నిలావరై పొడి ఒక చెమ్చా వేడినీళ్లలో కలుపుకొని తాగేది. కొన్నాళ్లకు ఒక చెమ్చా చాలక రెండు చేసింది. పూణేలో ఉన్న కొడుకు మలబద్ధకానికి మంచిదని ఒక చూర్ణం పంపాడు. అమెరికా నుంచి వచ్చిన మనవరాలు ఏదో చెట్టు బెరడు గుళికలు తెచ్చి ఇచ్చింది. ఒక్కొక్కరి మనసు నొప్పించకుండా పిన్ని మూడూ మార్చి మార్చి, ఒక్కో రాత్రి రెండేసి కలిపి వేసుకునేది. ‘ఏం అబ్బాయ్, ఆకే కదా, మందా మాకా’ అనేది.

నిరుడు ఎండాకాలంలో ఆమెకు రాత్రిపూట పిక్కలు పట్టేయడం మొదలైంది. మెట్లు ఎక్కితే కాళ్లు లాగేసేవి, గుండె ఒక్కోసారి లయ తప్పినట్టు కొట్టుకునేది. రక్తపోటుకు చూపించుకునే డాక్టరు రక్తపరీక్ష రాసిచ్చాడు. పొటాషియం 2.9 వచ్చింది. మామూలుగా 3.5కు తగ్గకూడదు. ‘అమ్మా, ఇంట్లో మీరు మింగేవన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి’ అన్నాడు ఆయన. ఆ సంచి మోసుకెళ్లింది నేనే. డబ్బాల మీది అక్షరాలు చదివేసరికి పొడి, చూర్ణం రెండింటిలోనూ సునాముఖే ఉంది. గుళికలది కాస్కరా బెరడు. చెట్టు వేరైనా పని ఒకటే. వీటికి తోడు రక్తపోటు మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉంది, అదీ పొటాషియాన్ని తోసేసేదే.

ఈ మందులు లోపల ఏం చేస్తాయో డాక్టరు ఓపికగా చెప్పాడు. సునాముఖి ఆకులో సెన్నోసైడ్లు అనే పదార్థాలుంటాయి. అవి కడుపులో, చిన్నపేగులో అరగవు, ఉన్నవి ఉన్నట్టే పెద్దపేగుకు చేరతాయి. అక్కడ ఉండే సూక్ష్మజీవులు వాటిని విడగొడితేనే అసలు మందు బయటపడుతుంది. రాత్రి వేసుకున్నది పొద్దున పని చేయడం, అంటే 6 నుంచి 12 గంటలు పట్టడం అందుకే. ఆ మందు పెద్దపేగు గోడను రెచ్చగొట్టి గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది, నీటిని పీల్చుకోనివ్వదు. ఉత్తేజక విరేచనకారి అని వీటికి పేరు రావడం ఈ రెచ్చగొట్టడం వల్లే. కలబంద మట్ట తొక్క కింద ఉండే పచ్చని చేదు రసాన్ని ఎండబెట్టిన ముసాంబరం, రేవల్చిని వేరు, కాస్కరా బెరడు అన్నీ ఇదే కుటుంబం. రేలకాయ గుజ్జూ ఆ కోవదే కాని మెత్తగా పని చేస్తుంది. ఆముదం మాత్రం చిన్నపేగు మీదే పని చేస్తుంది. దాని రసాయనం వేరు, రోజూ తాగితే చిక్కు మాత్రం అటువంటిదే.

ఇక అలవాటు పడటం ఎలా జరుగుతుందన్నది. మనం అనుకునేట్టు ఇది సారాకు, పొగాకుకు బానిస కావడం లాంటిది కాదు. మందు లేకుండా మామూలుగా విరేచనమైనప్పుడు పెద్దపేగు చివరి భాగం మాత్రమే ఖాళీ అవుతుంది. పైభాగంలో ఉన్నది మెల్లగా కిందికి జరిగి మర్నాటికి సిద్ధమవుతుంది. సునాముఖి గట్టి మోతాదులో పడితే పేగు చాలాదూరం వరకూ ఒక్కసారే ఖాళీ అయిపోతుంది. అంతా మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ రెండు రోజులూ విరేచనం కాకపోవడం రోగం కాదు, లోపల పోవలసింది ఏమీ లేదు, అంతే. కాని మనిషి దాన్ని మలబద్ధకం తిరగబెట్టిందనుకొని ఆ రాత్రే మళ్లీ పొడి వేసుకుంటాడు. నిండకముందే మళ్లీ ఖాళీ చేస్తాడు. పిన్ని విషయంలో జరిగింది ఇదే. ఒకసారి పెళ్లికి పోయి మందు మరిచిపోతే రెండు రోజులు కాలేదట. ‘చూశావా, అది లేకపోతే నాకు కానే కాదు’ అని ఆమెకు రూఢి అయిపోయింది.

దీనికి రెండో ముడి పొటాషియం. రోజూ నీళ్లలా పోతుంటే నీటితోపాటు పొటాషియమూ పోతుంది. కండరాలు ముడుచుకోవడానికి పొటాషియం కావాలి. పేగు కూడా కండరమే కాబట్టి పొటాషియం తగ్గితే అదీ మందగిస్తుంది. అప్పుడు ఒక చెమ్చా పని చేయక రెండు కావలసి వస్తుంది. మూత్రం మాత్రలు వాడేవాళ్లకు, గుండెకు డిగాక్సిన్ వేసుకునేవాళ్లకు, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. పొటాషియం తగ్గినప్పుడు డిగాక్సిన్ గుండెకు విషంలా పని చేయగలదు.

సునాముఖి పేగు నరాలను చంపేస్తుంది, ఇక జన్మలో పని చేయదు అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. మామూలు మోతాదులో నరాలు పాడవుతాయన్నది రుజువు కాలేదు. పిన్నికి పెద్దపేగు లోపల గొట్టం వేసి చూస్తే గోడంతా ముదురు గోధుమరంగుకు తిరిగి, పులిచర్మంలా కనిపించింది. కొడుకు హడలిపోయాడు. ఏళ్ల తరబడి ఈ జాతి మందులు వాడితే పట్టే రంగు అది, వాటంతట అది హాని చేయదు, మాని కొన్ని నెలలైతే పోతుంది అని డాక్టరు ధైర్యం చెప్పాడు. ఆ పరీక్ష చేయించింది కూడా రంగు కోసం కాదు, ఈ వయసులో మలబద్ధకం పెరుగుతుంటే వేరే కారణం ఏదీ లేదని తేల్చుకోవడానికి.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి మోతాదు లెక్క వేసి చూశాను. పెద్దవాళ్లకు ఒక రాత్రికి సెన్నోసైడ్లు 15 నుంచి 30 మిల్లీగ్రాములు. మంచి ఆకులో వందకు రెండున్నర పాళ్లకు తగ్గకుండా ఉంటాయి. మట్టంగా తీసిన చిన్న చెమ్చా పొడి 2 గ్రాములనుకుంటే అందులో 50 మిల్లీగ్రాములు. పిన్ని రెండు చెమ్చాలు అంటే 100, పైన చూర్ణం, గుళికలు. మాత్రలో ఎంత ఉందో రాసి ఉంటుంది, పొట్లంలో రాసి ఉండదు. పొడిలో ఉన్న ఇబ్బంది అదే. మాత్ర పెట్టెల మీద వారానికి మించి సొంతంగా వాడవద్దని రాసేది కూడా ఊరికే కాదు.

కాస్కరా గురించి ఒక మాట, ఎందుకంటే విదేశాల్లో ఉన్న పిల్లలు ‘మూలికే కదా’ అని తెస్తుంటారు. ఇది ఉత్తర అమెరికా పడమటి తీరంలో పెరిగే చెట్టు బెరడు. పచ్చి బెరడు తింటే వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. ఒక ఏడాది ఆరబెట్టో, వేడి చేసో వాడాలి. 2002లో అమెరికా ఔషధ సంస్థ కాస్కరాను, ముసాంబరాన్ని అంగట్లో చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల జాబితా నుంచి తీసేసింది. భద్రమని చూపే సమాచారం తయారీదారులు ఇవ్వకపోవడమే కారణం. అయినా ఆహార అనుబంధం పేరుతో గుళికలు దొరుకుతూనే ఉన్నాయి. ఒళ్లు తగ్గించే టీ పొట్లాల్లో సునాముఖి ఉండటం కూడా మామూలే. తగ్గేది నీటి బరువు, కొవ్వు కాదు.

పిన్నిని ఒక్కసారిగా మాన్పించలేదు. ముందు పొటాషియం సరిచేసి, రక్తపోటు మాత్ర మార్చారు. పొడి, చూర్ణం, గుళికలు మూడూ ఆపి, లెక్క తెలిసే సెన్నా మాత్ర ఒక్కటి పెట్టారు. దానితోపాటు నీటిని పేగులో నిలిపి మలాన్ని మెత్తబరిచే పాలిథిలీన్ గ్లైకాల్ పొడి పగలు తాగమన్నారు. ఇది పేగును రెచ్చగొట్టదు. రెండు వారాలకు సెన్నా మాత్ర రాత్రి మార్చి రాత్రి అయింది, నెలన్నరకు వారానికి రెండు, మూడు నెలలకు ఆగిపోయింది. మొదట్లో మూడేసి రోజులు కాకుండా ఉన్నప్పుడు ఆమె ఏడ్చినంత పని చేసింది. మూడు రోజుల వరకు ఆగండి, నాలుగో రోజుకూ కాకపోతేనే నాకు చెప్పండి అని డాక్టరు గీత గీశాడు. ఆ గీత లేకపోతే మళ్లీ పొట్లం విప్పేదే. పొద్దున టిఫిన్ తిన్న అరగంటలో, కాళ్ల కింద చిన్న పీట వేసుకొని, పది నిమిషాలు కూర్చోవడం నేర్చుకుంది. తిండి పడగానే పెద్దపేగు తనంతట తాను కదిలే వేళ అది. తరువాత ఇసబ్గోల్ ఒక చెమ్చా మొదలుపెట్టారు, పెద్ద గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అది లోపల అడ్డుపడుతుంది, గొంతు సరిగా మింగనివాళ్లకు అసలే పనికిరాదు.

అందరూ ఈ దారిలో పోకూడదు. కేన్సరు నొప్పికి మార్ఫిన్ లాంటివి వాడేవాళ్లకు డాక్టరే రోజూ సెన్నా రాస్తాడు, వాళ్లు సొంతంగా ఆపకూడదు. కడుపునొప్పి, వాంతులు, ఉబ్బరం ఉండి విరేచనం, గాలి రెండూ ఆగిపోతే పేగు అడ్డుపడి ఉండవచ్చు, అప్పుడు సునాముఖి ముట్టకుండా ఆసుపత్రికి పోవాలి. మలంలో రక్తం, తగ్గుతున్న బరువు, యాభై దాటాక కొత్తగా మారిన విరేచనపు తీరు ఉన్నా అంతే. ఇనుము మాత్రలు, వెరాపమిల్ లాంటి రక్తపోటు మందులు, థైరాయిడ్ తగ్గడం కూడా మలబద్ధకం తెస్తాయి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మాత్రల చీటీతోపాటు వంటింటి డబ్బాలోని పొడి కూడా తీసుకుపోండి, దాన్ని మీ ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారో కూడా చెప్పండి.

పిన్నికి ఇప్పుడు రెండు రోజులకోసారి అవుతుంది. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు మామూలే అని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆమె దాన్ని కేలండరు పక్కన అంటించుకుంది.