వివాహకాల నిర్ణయం: దశ, గోచారం (తిరుపతి, చిత్తూరు ప్రాంతం)

జాతకంలో నడుస్తున్న దశను, ఆకాశంలో గ్రహాల సంచారాన్ని కలిపి చూసి పెళ్లికి అనువైన నెలలను ముందుగా చెప్పే పద్ధతిని వివాహకాల నిర్ణయం అంటారు. ముహూర్తం పెట్టడం దీని తరువాతి పని. తిరుపతి, చిత్తూరు వైపు సంబంధాలు వెతికే ముందు తల్లిదండ్రులు సిద్ధాంతిని “గురుబలం వచ్చిందా?” అని అడుగుతారు. తమిళం మాట్లాడే ఇళ్లలో దీన్నే వియాళ నోక్కం అంటారు. నగరి, పుత్తూరు, సత్యవేడు వంటి చోట్ల తెలుగు, తమిళ ఆచారాలు పక్కపక్కనే ఉండడంతో ఇక్కడి లెక్కలో ఒక మెలిక ఉంది.

మొదట చూసేది దశ. వింశోత్తరి పద్ధతిలో తొమ్మిది గ్రహాల దశలు కలిపి 120 ఏళ్లు. పుట్టినప్పుడు చంద్రుడున్న నక్షత్రంలో ఎంత భాగం మిగిలిందో, ఆ నక్షత్రాధిపతి దశ కూడా అంతే మిగులుతుంది. మహాదశ ఏళ్లను అంతర్దశ గ్రహం ఏళ్లతో గుణిస్తే వచ్చే సంఖ్యలో చివరి అంకె తీసేస్తే నెలలు, ఆ చివరి అంకెను మూడుతో హెచ్చిస్తే రోజులు. సప్తమాధిపతి, సప్తమంలో ఉన్న గ్రహం, కళత్రకారకుడైన శుక్రుడు, వీటి అంతర్దశలకే పెళ్లి విషయంలో ఎక్కువ విలువ.

ఒక ఊహాజాతకం తీసుకుందాం. 2001 మార్చిలో పుట్టిన అమ్మాయి, కన్యాలగ్నం, శ్రవణా నక్షత్రం, మకర రాశి. సప్తమమైన మీనంలో శుక్రుడు ఉచ్చలో ఉన్నాడు. నక్షత్రం సగం గడిచింది కాబట్టి పదేళ్ల చంద్రదశలో 5 ఏళ్లే మిగిలాయి. తరువాత కుజదశ 7 ఏళ్లు, పన్నెండేళ్లు నిండాక రాహుదశ. అందులో రాహు, గురు, శని, బుధ, కేతు అంతర్దశలు గడిచేసరికి అమ్మాయికి ఇరవై మూడున్నర ఏళ్లు నిండుతాయి. అక్కడినుంచి శుక్ర అంతర్దశ: 18ని 20తో గుణిస్తే 360, అంటే 36 నెలలు. ఇది సుమారు 2024 అక్టోబరు నుంచి 2027 అక్టోబరు వరకు నడుస్తుంది.

మూడేళ్లంటే చాలా కాలం. దాన్ని కుదించేది గోచారం. జన్మరాశి నుంచి గురువు 2, 5, 7, 9, 11 స్థానాల్లో ఉంటే గురుబలం. గురువు, శని ఇద్దరూ సప్తమాన్నో దాని అధిపతినో తాకే సమయాన్ని కూడా చూస్తారు. ఈ జంట గోచార సూత్రానికి ఇటీవలి కాలంలో కె.ఎన్. రావు బాగా ప్రచారం కల్పించారు. 2026 జూన్ ఆరంభం నుంచి అక్టోబరు చివరి వరకు గురువు కర్కాటకంలో ఉంటాడు. అది మకరానికి ఏడోది. అక్కడినుంచి తొమ్మిదో దృష్టి మీనం మీద పడుతుంది. శని అప్పటికే మీనంలో ఉంటాడు. మూడేళ్లు కాస్తా ఐదు నెలలకు తగ్గాయి.

మెలిక శని దగ్గరే ఉంది. దృక్ గణితం ప్రకారం శని మీనంలోకి వచ్చింది 2025 మార్చి 29న. తమిళుల వాక్య పంచాంగం ప్రకారం 2026 మార్చిలో. తేడా దాదాపు ఏడాది. ఈ జాతకానికి అదృష్టవశాత్తు 2026 జూన్ నాటికి రెండు లెక్కలూ కలుస్తాయి. అదే 2025లో పెళ్లి చూసిన కుటుంబాల్లో తెలుగు సిద్ధాంతి సరేనంటే తమిళ జోస్యుడు ఇంకా రాలేదనడానికి ఆస్కారం ఉంది. తప్పు ఇద్దరిదీ కాదు, వాళ్లు వాడే గణితాలు వేరు.

ఈ ఐదు నెలల్లోనూ పంచాంగం మరికొన్ని రోజులు తీసేస్తుంది. 2026 జూన్ మధ్య వరకు అధిక జ్యేష్ఠం. జులై మధ్య నుంచి ఆషాఢం. జులై నెలాఖరుకు అటూ ఇటూ రెండేసి వారాలు గురుమూఢం కూడా ఉంది. ఆగస్టు 13 నుంచి శ్రావణం మొదలైనా తమిళ ఆడి మాసం 16 దాకా సాగుతుంది, అత్తవారో పుట్టింటివారో ఆడి పాటిస్తే ఆ నాలుగు రోజులూ పోతాయి. సెప్టెంబరు రెండో వారంలో వచ్చే భాద్రపదం వదిలేస్తారు, అక్టోబరు మూడో వారం నుంచి శుక్రమూఢం. కాబట్టి మిగిలేవి నిజ జ్యేష్ఠం, శ్రావణంలో ఎక్కువ భాగం. 2024లోనైతే గురు, శుక్ర మూఢాలు ఒకదానిపై ఒకటి పడి మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేకుండా పోయాయి.

లెక్క తప్పేది ఎక్కువగా పుట్టిన సమయం దగ్గర. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అందువల్ల గంట తేడా వస్తే పై జాతకంలో దశ 5 నెలలు జరుగుతుంది. దాన్ని తట్టుకోవచ్చు. లగ్నం తులకు మారితే మాత్రం సప్తమం మేషమవుతుంది, కర్కాటకంలోని గురువు, మీనంలోని శని ఇద్దరి దృష్టీ మేషం మీద ఉండదు, కూడబెట్టిన ఐదు నెలలూ మాయమవుతాయి. అందుకే అనుభవజ్ఞులు ముందు జరిగిపోయినవాటిని అడుగుతారు: అక్క పెళ్లి ఎప్పుడు, ఉద్యోగం ఎప్పుడు, ఇల్లు మారింది ఎప్పుడు అని. ఆ సంఘటనలు దశలతో కుదరకపోతే జాతకాన్ని పక్కన పెట్టి ఆసుపత్రి కాగితం తెమ్మంటారు.

పద్ధతికి ఒక బలహీనత ఉంది. అధిపతి, కారకుడు, దృష్టి, నవాంశ అన్నీ కలుపుకుంటే దాదాపు ఏ గ్రహాన్నైనా సప్తమంతో ముడిపెట్టవచ్చు. పెళ్లయ్యాక కారణం చూపడం సులభం, ముందుగా చెప్పడం కష్టం. ఈ అంచనాలకు శాస్త్రీయ రుజువు లేదు. చెప్పిన కాలం దాటిపోయి ఆలస్యమైనప్పుడు ఇక్కడివారు చాలామంది రాహుకేతు పూజకు శ్రీకాళహస్తి వెళతారు. తిరిగొచ్చాక సిద్ధాంతి తరువాతి అంతర్దశకు మళ్లీ లెక్క కడతాడు.